చిన్న షాపుకి కస్టమర్ జర్నీ మ్యాప్: ఒక పావుకిలో ఆవకాయతో గీసి చూద్దాం

బెంగళూరు మారతహళ్ళిలో, మున్నేకొళాల వైపు మా పిన్ని వాళ్ళకి ఒక పచ్చళ్ళ షాపుంది. పచ్చళ్ళు, పొడులు, పండగలకి అరిసెలు, సున్నుండలు, అంతే. చుట్టూ పీజీలు, అపార్ట్‌మెంట్లు, సాయంత్రమైతే వీధిలో సగం తెలుగే వినిపిస్తుంది, జనం బాగానే వస్తారు కూడా, కానీ బాబాయ్ గోల ఏంటంటే ఒకసారి కొన్నవాళ్ళు రెండోసారి కనపడట్లేదు. ఆయన లెక్క ప్రకారం కారణం రేటు. పిన్ని లెక్క ప్రకారం కౌంటర్లో కుర్రాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఇద్దరూ కౌంటర్ ఇవతల నిలబడి చెప్తున్న కారణాలే ఇవి. కస్టమర్ షాపులో ఉండేది పది నిమిషాలు కూడా ఉండదు, మిగతా కథంతా బయటే జరుగుతుంది, రోడ్డు మీద, బస్సులో, వాళ్ళ వంటింట్లో.

ఆ బయటి కథతో సహా మొత్తం ఒక కాగితం మీదకి తేవడమే కస్టమర్ జర్నీ మ్యాప్. కంపెనీల్లో అయితే మీటింగ్ రూమ్ గోడ నిండా రంగు కాగితాలు అంటించి చేస్తారు, షాపుకి అంత హడావుడి అక్కర్లేదు. ఒక చార్ట్ పేపరు, పెన్సిలు, రబ్బరు, బిల్లు బుక్కు వెనక నాలుగు ఖాళీ పేజీలు ఉంటే సరిపోతుంది. పెన్నుతో మాత్రం మొదలుపెట్టకండి, ఎందుకో కిందకి వచ్చేసరికి తెలుస్తుంది. మీది పచ్చళ్ళ షాపు కాకపోయినా, టైలరింగ్ అయినా మొబైల్ రిపేర్ అయినా, పద్ధతి ఇదే.

1. ముందు ఒక మనిషిని, ఒక పనిని పట్టుకోండి

"మా కస్టమర్లు" అని పేరు పెట్టి గీస్తే ఆ మ్యాప్‌లో ఏమీ తేలదు. మా పిన్ని షాపుకే మూడు రకాల వాళ్ళు వస్తారు. ఉద్యోగాలు చేసుకుంటూ ఫ్లాట్లలో ఉండే పిల్లలు పావుకిలో, అరకిలో కొంటారు. ఫ్యామిలీలు వేసవిలో ఏడాదికి సరిపడా కిలోల్లో తీసుకుంటారు. అమెరికా వెళ్ళే వాళ్ళకి ప్యాకింగ్ ముఖ్యం, రేటు రెండోది. ఈ ముగ్గురి దారీ వేరు, చిరాకుపడే చోటూ వేరు. ముగ్గుర్నీ కలిపి ఒకటే మ్యాప్ గీస్తే ఎవరికీ చెందని సగటు మనిషి ఒకడు తయారవుతాడు.

మాకు సమస్య పావుకిలో బ్యాచ్‌తో కాబట్టి ఆ మనిషినే తీసుకున్నాం. స్వాతి అని పేరు పెట్టుకుందాం, ఆ పేరుతో నిజంగా ఎవరూ లేరు, షాపుకి వచ్చే ఐదారుగురిని కలిపితే వచ్చే అమ్మాయి. ఇంకో ఇద్దరితో కలిసి ఫ్లాట్‌లో ఉంటుంది, రాత్రిళ్ళు ఎక్కువగా అన్నం ఒక్కటి కుక్కర్లో పెట్టుకుని కూర బయట తెచ్చుకుంటుంది, లేదా పచ్చడి, పెరుగుతో కానిచ్చేస్తుంది. ఆమె పని కూడా ఒక్క లైన్లో రాయండి, ఆమె నోటితోనే: "ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ అయిపోయింది, పండక్కి ఊరెళ్ళేదాకా గడవాలి."

ఈ లైను రాశాక కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మీకే అర్థమవుతుంది. షాపు గుమ్మంలో మొదలవదు, ఆమె సీసా ఖాళీ అయిన రోజు మొదలవుతుంది. బిల్లు కొట్టగానే అయిపోదు, మీ దగ్గర కొన్నది కూడా ఖాళీ అయ్యి మళ్ళీ కొనాల్సి వచ్చిన రోజు ఆగుతుంది. చాలామంది షాపు వాళ్ళు గుమ్మం నుంచి గల్లాపెట్టె దాకానే గీస్తారు, ఎందుకంటే వాళ్ళకి కనపడేది అంతే కదా.

2. ఒక మూల కూర్చుని చూడండి, రాయండి

రద్దీ ఉన్న టైమ్‌లో కూర్చోవాలి. మాకు అది రాత్రి ఏడు నుంచి తొమ్మిది. మూలన స్టూల్ వేసుకుని, వచ్చిన టైము, వెళ్ళిన టైము, చేతులతో ఏం చేశారు, నోటితో ఏం అన్నారు, ఈ నాలుగే రాయండి. మీ అభిప్రాయం రాయకండి. "చిరాకు పడింది" అని రాస్తే అది మీ ఊహ. "ఫోన్ రెండుసార్లు చూసుకుంది, బ్యాగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది" అని రాస్తే తర్వాత ఇంకొకళ్ళు చదివినా అదే అర్థమవుతుంది. కౌంటర్లో ఉండే కుర్రాడికి ముందే చెప్పండి, ఇది నీ మీద నిఘా కాదు నాయనా అని, లేకపోతే ఆ రెండు గంటలూ అతను మామూలుగా ఉండడు, మీరు చూసేదంతా నాటకమే అవుతుంది.

మా దగ్గర చూస్తే బయటపడ్డ విషయం ఒకటి చెప్తాను. రేట్ల బోర్డు మీద అన్నీ కిలో లెక్కన రాసున్నాయి. స్వాతి లాంటి వాళ్ళు లోపలికొచ్చి బోర్డు వైపు చూస్తారు, పెదాలు కదులుతుంటాయి, అంటే నాలుగో వంతు లెక్కేసుకుంటున్నారన్నమాట, తర్వాత నెమ్మదిగా "ఆంటీ, పావుకిలో ఇస్తారా?" అని అడుగుతారు. ఎంత అని కాదు, ఇస్తారా అని. పిన్ని ఎప్పుడూ కాదనలేదు, ఎందుకంటుంది, అమ్మేదే అది. కానీ బోర్డు చూస్తే ఇక్కడ కిలోకి తక్కువ అమ్మరేమో అనిపిస్తుంది. ఈ షాపు పెట్టిన రోజు నుంచి ఆ బోర్డు అక్కడే ఉంది, ఇంట్లో వాళ్ళెవరికీ అందులో తప్పు కనపడలేదు.

రుచి చూపించే పద్ధతి కూడా అంతే. చెంచాతో అరచేతిలో ఆవకాయ వేస్తారు, తర్వాత మాగాయ, తర్వాత గోంగూర. ఆఫీసు నుంచి ఖాళీ కడుపుతో వచ్చిన మనిషికి అన్నం లేకుండా మూడు పచ్చళ్ళు వరసగా నాలుక మీద వేస్తే మూడోది వచ్చేసరికి ఉప్పూ కారం తప్ప ఇంకేం తెలుస్తుంది? పైగా చేతికి నూనె, తుడుచుకోవడానికి ఏమీ లేదు, అదే చేత్తో ఫోన్ తీసి స్కాన్ చెయ్యాలి. ఒకమ్మాయి మోచేత్తో బ్యాగు జిప్పు లాగడానికి ట్రై చేయడం నేను చూశాను.

3. అడగాల్సింది "బాగుందా" అని కాదు

పచ్చడి బాగుందా అమ్మా అని అడిగితే మన తెలుగువాళ్ళు మొహం మీద బాలేదని చెప్పరు. "బాగుంది ఆంటీ" అంటారు, మళ్ళీ రారు. కాబట్టి అభిప్రాయం అడగకండి, జరిగింది అడగండి, అదీ చివరిసారి జరిగింది. "మామూలుగా ఎలా వాడతారు" అంటే కూడా పనికిరాదు, అందరూ అందమైన జవాబే చెప్తారు. ఈ నాలుగు చాలు:

పోయినసారి పచ్చడి కొనాలని ఎప్పుడు అనిపించింది, అప్పుడు ఏం చేశారు? మా షాపు ఎలా దొరికింది? ఇంటికెళ్ళాక ప్యాకెట్ ఎక్కడ పెట్టారు, ఎలా విప్పారు? అది అయిపోయాక తర్వాతది ఎక్కడ కొన్నారు?

మూడో ప్రశ్న చిల్లరగా కనిపిస్తుంది కానీ మాకు అసలు సంగతి అక్కడే దొరికింది. రెగ్యులర్‌గా వచ్చే ఒకమ్మాయి చాలా మామూలుగా చెప్పింది: "ముందు స్టీల్ ప్లేట్‌లో పెడతాను ఆంటీ, తర్వాత కత్తెరతో కట్ చేస్తాను." ప్లేట్ ఎందుకమ్మా అంటే, "కారుతుంది కదా" అంది. ఫిర్యాదు చేయలేదు, కోపం లేదు, వర్షం వస్తే గొడుగు తీసుకెళ్తాం కదా అన్నట్టు చెప్పింది. ఇంకొకతన్ని అడిగితే ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకోను, చేత్తోనే పట్టుకెళ్తా అన్నాడు. అంటే మన ప్యాకెట్ నూనె కారడం వాళ్ళకి తెలిసిపోయింది, దానికి వాళ్ళే ఏర్పాట్లు చేసుకుంటున్నారు. కస్టమర్ ఇలా సొంతంగా ఏదైనా ఉపాయం చేసుకుంటున్నట్టు వినపడితే అక్కడ ఆగి ఇంకా అడగండి. ఇతను సర్దుకుపోయాడు కాబట్టి మళ్ళీ వచ్చాడు, సర్దుకోని వాళ్ళు మీకు కనపడరు.

ఆ కనపడని వాళ్ళని కూడా పట్టుకోవాలి, లేకపోతే మ్యాప్ అంతా మనమంటే ఇష్టమున్న వాళ్ళ మాటలతోనే నిండిపోతుంది. వాట్సాప్‌లో ఆర్డర్ అడిగి ఒక్కసారే కొన్న నంబర్లు ఉంటాయి కదా, వాళ్ళలో నలుగురైదుగురికి ఓనరే ఫోన్ చేసి, "అమ్మడానికి చేయలేదమ్మా, పోయినసారి తీసుకెళ్ళింది ఎలా వెళ్ళిందో కనుక్కుందామని" అని అడిగితే చాలామంది చెప్తారు. వాళ్ళనీ కలుపుకుని ఎనిమిది పదిమందితో మాట్లాడితే మాటలు రిపీట్ అవడం మొదలవుతుంది, అక్కడ ఆపేయొచ్చు.

4. ఇప్పుడు కాగితం మీద గీయండి

చార్ట్ పేపర్ అడ్డంగా పెట్టండి. పైన వరసగా స్టేజీలు రాయండి, కానీ పుస్తకాల్లో ఉండే అవగాహన, పరిశీలన లాంటి పెద్ద మాటలు వద్దు, ఆ మనిషి చేసే పనుల పేర్లే పెట్టండి: అయిపోయింది, వెతికింది, వచ్చింది, ఎంచుకుంది, డబ్బులిచ్చింది, ఇంటికి తీసుకెళ్ళింది, తిన్నది, మళ్ళీ అయిపోయింది. ఒక్కో స్టేజీ కింద ఐదు గళ్ళు. ఏం చేసింది, ఏ టచ్‌పాయింట్ తగిలింది, ఏమనుకుంది, ఎలా అనిపించింది, తెర వెనక ఏం జరిగింది. టచ్‌పాయింట్ అంటే ఆ క్షణంలో మీ షాపు తరఫున ఆమె చూసినది, విన్నది, పట్టుకున్నది ఏదైనా, బోర్డు, గూగుల్ మ్యాప్స్‌లో షాపు పిన్ను, కుర్రాడి మాట, చెంచా, ప్యాకెట్, అన్నీ.

"ఏమనుకుంది" గడిలో వాళ్ళన్న మాటే రాయండి. "ఎలా అనిపించింది" గడిలో ఒక మాట, పక్కన ఒక అంకె, ప్లస్ 2 నుంచి మైనస్ 2 దాకా. విన్నది, చూసినది అయితే ముదురుగా రాయండి, మీరు ఊహించినది అయితే లేతగా రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పెన్సిల్ అన్నది ఇందుకే. మొదటిసారి గీసినప్పుడు సగం ప్రశ్నార్థకాలే ఉంటాయి, అవి మీ తర్వాతి ప్రశ్నల లిస్టు అన్నమాట.

స్వాతి మ్యాప్ మాకు ఇలా వచ్చింది.

అయిపోయింది: రాత్రి అన్నం పెట్టుకున్నాక సీసా అడుగు గీకుతుంటే తెలిసింది. అమ్మకి ఫోన్ చేస్తే "ఇప్పుడెలా పంపను" అంది. కొంచెం దిగులు, మైనస్ 1. ఇక్కడ మన టచ్‌పాయింట్ ఏమీ లేదు, ఖాళీ గడి. ఖాళీ గడిని ఖాళీగానే వదలండి, దాని సంగతి చివర్లో వస్తుంది.

వెతికింది: ఫోన్లో ఆంధ్రా పచ్చళ్ళు అని కొట్టింది, మ్యాప్స్‌లో మన షాపు వచ్చింది, ఫోటోలో జాడీలు చూడగానే "అమ్మయ్య, ఇంటి టైపే" అనుకుంది. ప్లస్ 1.

వచ్చింది: పిన్ను మెయిన్ రోడ్డు మీద పడుంది, షాపేమో లోపలి సందులో. రింగ్ రోడ్డు దగ్గర ఒక్క మలుపు తప్పితే ఎంత చుట్టు తిరగాలో ఇక్కడుండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైగా కర్ణాటకలో 2024లో తెచ్చిన సవరణ ప్రకారం షాపు బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి, అది న్యాయమే, మనం వాళ్ళ ఊళ్ళో ఉన్నాం, కానీ బోర్డు మీద పెద్దగా తెలుగు కనపడుతుందని వెతికే వాళ్ళు షాపు దాటి వెళ్ళిపోతున్నారు. ఇద్దరు ఫోన్ చేసి దారి అడిగారు. మైనస్ 1. ఇది మాత్రం చాలా తేలిక, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పిన్ను జరిపి, వీధి నుంచి షాపు ముందుభాగం కనపడేలా ఒక ఫోటో పెట్టాం, అద్దం మీద ఎర్రటి ఆవకాయ జాడీ బొమ్మ అంటించాం. బొమ్మకి భాషేంటి.

ఎంచుకుంది: బోర్డు లెక్క, అరచేతిలో నూనె, పైన చెప్పిందే. "పావుకిలో అడిగితే ఏమనుకుంటారో" అన్న మొహమాటం. రుచి చూశాక కొనకుండా వెళ్ళడం ఎలా అన్న ఇంకో మొహమాటం. మైనస్ 1. కానీ పిన్ని "ఏ ఊరమ్మా మీది" అని పలకరించగానే ప్లస్ 2కి పోయింది. ఒకే స్టేజీలో కిందకీ పైకీ పోతే రెండు చుక్కలూ పెట్టండి, సగటు తీసి సున్నా అని రాయకండి, అలా రాస్తే రెండు నిజాలూ పోతాయి.

డబ్బులిచ్చింది: స్కాన్ చేసింది, సౌండ్ బాక్స్ అరిచింది, అయిపోయింది. సున్నా. ఇక్కడ బాగు చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇంటికి తీసుకెళ్ళింది: ప్యాకెట్ పల్చటి కవర్లో, కవర్ ల్యాప్‌టాప్ బ్యాగులో. ఇంటికెళ్ళి చూస్తే ఛార్జర్ వైరుకి నూనె, బ్యాగు లైనింగ్‌లో ఎర్రటి మరక. ఆ మరక పోదు, వాసన అంతకన్నా పోదు. మైనస్ 2.

తిన్నది: వేడన్నంలో కలుపుకుంది, రూమ్మేట్లు కూడా వేసుకున్నారు. "రుచి మాత్రం సూపర్." ప్లస్ 2. పచ్చడి తన సొంత సీసాలోకి మార్చుకుంది, జిడ్డు ప్యాకెట్ చెత్తబుట్టలో వేసింది. ఇక్కడ ఆగి చూడండి, షాపు పేరు, ఫోన్ నంబర్ ఉన్నది ఆ ప్యాకెట్ మీదే.

మళ్ళీ అయిపోయింది: సీసా ఖాళీ అయ్యేసరికి ఎక్కడ కొన్నదో ప్రాంతం గుర్తుంది, పేరు గుర్తులేదు. సూపర్‌మార్కెట్లో బాటిల్ కనపడింది, కారదు కదా అని అదే తీసుకుంది. కోపమేం లేదు, సున్నా. షాపుకి మాత్రం అక్కడితో కథ అయిపోయింది.

5. చుక్కలు కలిపి, ఒక్క గుంట ఎంచుకోండి

అంకెలన్నీ చుక్కలుగా పెట్టి కలిపితే పైకీ కిందకీ ఒక గీత వస్తుంది. చూడగానే అన్ని గుంటలూ పూడ్చేయాలనిపిస్తుంది, వద్దు. ఒకటి ఎంచుకోండి. ఎలా ఎంచుకోవాలంటే, సైకాలజిస్ట్ డేనియల్ కానెమన్ వాళ్ళు 1993లో చేసిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. జనాన్ని 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో 60 సెకన్లు చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అదే 60 సెకన్లు, దానికి తోడు ఇంకో 30 సెకన్లు, ఆ చివరి 30లో నీళ్ళు మెల్లగా ఒక డిగ్రీ వెచ్చగా చేశారు. ఈ రెండిట్లో ఏది మళ్ళీ చేస్తారంటే ఎక్కువమంది పొడుగుదే అన్నారు. బాధ ఎక్కువసేపు పడ్డా చివర కాస్త తేలికగా ఉంది కాబట్టి. అంటే మనిషికి గుర్తుండేది మొత్తం సేపు కాదు, అన్నిటికన్నా గట్టిగా తగిలిన క్షణం, ఆఖరి క్షణం.

మన గీతలో గట్టిగా తగిలింది బ్యాగులో కారిన నూనె. ఆఖరిది, షాపు పేరు చెత్తబుట్టలోకి పోవడం. రేటు గురించి మాత్రం బోర్డు దగ్గర లెక్కలేసుకోవడం తప్ప ఇంకెక్కడా మాట రాలేదు, బాబాయ్ కాసేపు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. కుర్రాడి ఫోన్ గోల ఒక్కరు చెప్పారు.

6. ఆ గుంట కింద తెర వెనక ఏముందో తవ్వండి

ఐదో గడి ఉంది కదా, తెర వెనక అన్నది, అది ఇప్పుడు నింపాలి. ఈ గడి ఆలోచన లిన్ షోస్టాక్ అనే ఆవిడది, 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసింది, ఉదాహరణగా తీసుకున్నది ఏ పెద్ద బ్యాంకో కాదు, వీధి మూలన బూటు పాలిష్ చేసే పని. కస్టమర్‌కి కనపడే పని ఒక గీతకి పైన, కనపడనిది కింద పెట్టి, తప్పు జరిగే చోటు కూడా గుర్తుపెట్టింది, వేరే రంగు పాలిష్ రాయడం లాంటిది.

మా గీత కింద ఏముందో చూస్తే, పెద్ద జాడీ లోంచి గరిటెతో పౌచ్‌లో వేస్తున్నారు. రద్దీలో గరిటె పౌచ్ మూతికి తగులుతుంది, మూతి లోపలి వైపు నూనె పూస్తుంది, దాని మీదే సీలింగ్ మెషిన్ నొక్కుతున్నారు. నూనె ఉన్నచోట ప్లాస్టిక్ పొరలు రెండూ సరిగ్గా కరిగి అతుక్కోవు. చూడ్డానికి సీలు పడ్డట్టే ఉంటుంది, పిండి చూస్తే తప్ప తెలీదు. దానికి తోడు తూకం సరిపోయేసరికి పౌచ్ నిండా ఉంటుంది, బ్యాగులో ఇంకో వస్తువు నొక్కగానే ఒత్తిడంతా ఆ బలహీనమైన సీలు మీదే పడుతుంది. కుర్రాడి తప్పు కాదు, ఎదురుగా నలుగురు నిలబడుంటే మూతి తుడవడానికి టైమేది?

మార్చింది ఇంతే. పావుకిలో, అరకిలో ప్యాకెట్లు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడే కట్టి పెట్టడం. వేసేటప్పుడు పౌచ్ మూతిని బయటికి మడిచి, వెడల్పు గరాటుతో వేసి, మడత తీసి, పొడి గుడ్డతో తుడిచి సీలు వేయడం. పైన రెండంగుళాల ఖాళీ వదలడం, అందుకని ఒక సైజు పెద్ద పౌచ్ కొన్నాం. సీలు ఒకదాని కింద ఒకటి, రెండు గీతలు. కట్టిన ప్యాకెట్లని న్యూస్‌పేపర్ మీద తలకిందులుగా పెట్టి, మీద చేత్తో నొక్కి, పది నిమిషాలు వదిలేయడం. కాగితం మీద నూనె చుక్క కనపడితే ఆ ప్యాకెట్ బయటికి పోదు. ముందే కట్టారు కాబట్టి లేబుల్ మీద ప్యాక్ చేసిన తేదీ కూడా పక్కాగా పడుతుంది.

చెత్తబుట్ట సంగతికి ఒక చిన్న స్టిక్కర్. "మామిడి ఆవకాయ", తేదీ రాసుకోవడానికి గీత, వాట్సాప్ నంబర్. ప్యాకెట్‌కి అంటించకుండా విడిగా ఇస్తూ "మీ సీసాకి అంటించుకోమ్మా, ఏది ఏ పచ్చడో తెలుస్తుంది" అంటుంది పిన్ని. మూడు నాలుగు సీసాలున్న ఫ్లాట్‌లో అది నిజంగానే పనికొస్తుంది, అందుకే అంటించుకుంటారు, ఉత్త విజిటింగ్ కార్డయితే పారేసేవాళ్ళు. పైన మొదటి గడి ఖాళీగా వదిలేశాం గుర్తుందా, సీసా అడుగు గీకే క్షణం? ఇప్పుడు ఆ క్షణంలో ఆమె చేతిలో ఉన్న సీసా మీదే నంబర్ ఉంది.

బోర్డు ఎలాగూ చవకే కాబట్టి పావుకిలో రేటు పెద్దక్షరాల్లో ముందు రాయించాం. రుచికి చిన్న ముద్ద అన్నం, టిష్యూ పెట్టాలని ఉంది, కానీ ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు, అందుకని దాన్ని ఆపాం.

7. పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

పదిమందితో మాట్లాడి గీసిన మ్యాప్ కారణాలు చూపిస్తుంది కానీ ఎంతమందికి అన్నది చెప్పదు. దానికి విడిగా లెక్క కావాలి. బిల్లు బుక్కు వెనక రెండు గళ్ళు గీసి నిలువు గీతలు పెట్టండి. ఒకటి, లోపలికొచ్చి ఏమీ కొనకుండా వెళ్ళినవాళ్ళు. రెండోది, "ఇంతకుముందు మా దగ్గర తీసుకున్నారా అమ్మా" అంటే అవునన్న వాళ్ళు. మార్పు చేయకముందు కనీసం రెండు వారాలు పెట్టండి, లేకపోతే దేనితో పోలుస్తారు? మార్పు చేశాక నెల దాకా రెండో గడి కదలకపోయినా కంగారు పడకండి, ముగ్గురున్న ఫ్లాట్‌లో పావుకిలో అయిపోవడానికే టైము పడుతుంది, ఆ సీసా ఖాళీ అవ్వకుండా వాళ్ళు ఎందుకొస్తారు? మొదటి గడి మాత్రం బోర్డు మార్చిన వారంలోనే తేడా చూపించాలి. చూపించకపోతే బోర్డు గురించి మీరనుకున్నది తప్పని అర్థం, ఆ గడిలో మళ్ళీ ప్రశ్నార్థకం పెట్టండి.

నూనె కారడం తగ్గిందో లేదో మాత్రం లెక్కల్లో కనపడదు, మళ్ళీ మనుషుల్నే అడగాలి. "ప్యాకెట్ ఎలా విప్పారమ్మా" అంటే స్టీల్ ప్లేట్ మాట రాకూడదు.

చివరగా, గీసిన కాగితం మీద నెల, సంవత్సరం రాసి దాచండి. ఏప్రిల్, మే నెలల్లో కొత్తావకాయ సీజన్ వస్తే షాపుకి వచ్చే మనుషులే మారిపోతారు, స్వాతి బదులు కారులో వచ్చి ఐదు కిలోలు అడిగే ఆంటీలుంటారు, వాళ్ళకి పౌచ్‌తో పనిలేదు, జాడీ తామే తెచ్చుకుంటారు, వాళ్ళ చిరాకంతా పార్కింగ్ దగ్గర, కాయ ఎక్కడిది, ఏ నూనె వాడారు అన్న దగ్గర. దానికి వేరే చార్ట్ పేపర్ కొనుక్కోండి.